నూనె ఎర్రబడిందని కారం మీద పుకారు: నాలుగు వాక్యాల జవాబు వెనుక ఏముంటుంది

ఆవకాయల కాలంలో కిలోలకు కిలోలు కారం కొంటారు. కారం మీద పుకార్లు ఎక్కువగా తిరిగేదీ అప్పుడే. ఈ మధ్య తరచుగా కనిపించే వీడియో ఒకటుంది. ఎవరో ఒక ప్యాకెట్ కత్తిరించి చెంచాడు కారం గ్లాసులోని నూనెలో వేస్తారు. క్షణాల్లో నూనె ఎర్రబడుతుంది. "చూశారా, కెమికల్ రంగు! ఈ బ్రాండ్ కొనకండి" అని గొంతు వినిపిస్తుంది. ప్యాకెట్ మీది పేరు స్పష్టంగా కనబడుతూ ఉంటుంది.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఇలాంటి కారం మిల్లు నడిపే చిన్న బ్రాండు ఒకటి ఉందనుకుందాం. సాయంత్రానికల్లా విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. సోషల్ మీడియా చూసే కుర్రాడికి యజమాని చెప్పేది ఒకటే: "వెంటనే ఏదో ఒకటి పెట్టు." ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే ఇక్కడి చర్చ. క్యాప్షన్ అంటే బొమ్మ కిందనో వీడియో కిందనో ఉండే నాలుగైదు వాక్యాలు. అది పత్రికా ప్రకటన కాదు, లాయర్ నోటీసూ కాదు. చదివేవాడు వేలితో పైకి తోసేసేలోపు అర్థమైపోవాలి.

## ముందు తెలుసుకోవాల్సింది నూనె సంగతి

మిరపకాయకు ఎరుపు ఇచ్చేవి క్యాప్సాంథిన్ వంటి సహజ వర్ణకాలు. ఇవి కెరటినాయిడ్ల జాతికి చెందినవి. నీళ్ళలో కరగవు, నూనెలో బాగా కరుగుతాయి. ఆవకాయ జాడీలో పైకి తేలే నూనె ఎర్రగా ఉండేది అందుకే. కాబట్టి వీడియోలో కనిపించింది నిజంగా జరిగిందే, దాన్నుంచి లాగిన ముగింపు తప్పు. ఈ తేడా క్యాప్షన్ రాసేవాడు పట్టుకోకపోతే "వీడియో ఫేక్" అని రాసేస్తాడు. అది చదివిన గృహిణి తన వంటింట్లో చెంచాడు కారం నూనెలో వేసి చూస్తుంది. నూనె ఎర్రబడుతుంది. అక్కడితో ఆమె దృష్టిలో అబద్ధమాడింది కంపెనీయే అవుతుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మిరప కారంలో కల్తీగా దొరికిన రంగుల్లో ఎక్కువ అపకీర్తి మూటగట్టుకున్నవి సూడాన్ రంగులు. ఇవి మైనాలకు, పాలిష్‌లకు వాడే పారిశ్రామిక రంగులు. ఆహారంలో వీటికి అనుమతి లేదు. 2003లో యూరప్‌లో దిగుమతి మిరప ఉత్పత్తుల్లో ఇవి బయటపడ్డాక అక్కడ తనిఖీలు కఠినమయ్యాయి. 2005లో బ్రిటన్‌లో సూడాన్ కలిసిన కారం ఒక సాస్‌లోకి చేరడంతో, ఆ సాస్ వాడిన వందల రకాల ఆహారాలను అంగళ్ళ నుంచి వెనక్కి తీసుకున్నారు. సూడాన్ రంగులు కూడా నూనెలోనే కరుగుతాయి. అంటే మంచి కారమైనా, సూడాన్ కలిసిన కారమైనా నూనె ఎర్రబడుతుంది. గ్లాసు పరీక్ష రెంటినీ విడదీయలేదు.

నీళ్ళ పరీక్ష కూడా ఇక్కడ ఆదుకోదు. ఇంట్లోనే కల్తీ కనిపెట్టడానికి దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించిన పద్ధతిలో, గ్లాసు నీళ్ళ మీద కారం చల్లితే కృత్రిమ రంగు ఉన్నప్పుడు చారలు చారలుగా కిందికి దిగుతుంది. ఇటుక పొడో ఇసుకో కలిస్తే అడుగున చేరి వేళ్ళకు గరగర తగులుతుంది. ఆ పరీక్ష మంచిదే. అయితే నీళ్ళలో కరిగే రంగులనే అది పట్టుకుంటుంది, నూనెలో కరిగేవాటిని పట్టదు. అందుకే "మీరే నీళ్ళలో వేసి చూడండి, నిజం తెలుస్తుంది" అని సవాలు విసిరే క్యాప్షన్ వినడానికి ధైర్యంగా ఉన్నా శాస్త్రపరంగా గుల్ల. విషయం తెలిసినవాడెవడో కామెంట్లలో ఒక్క వాక్యంతో దాన్ని కూల్చేస్తాడు.

## చాలామంది రాసే మొదటి జవాబు

కంగారులో రాసే క్యాప్షన్ దాదాపు ఇలా ఉంటుంది:

"మా కారంలో కెమికల్ రంగు ఉందంటూ వస్తున్న వీడియో పూర్తిగా అబద్ధం. మీ నమ్మకమే మా బలం. పోటీదారుల కుట్రలను నమ్మకండి. అసత్య ప్రచారం చేసేవారిపై చట్టపరమైన చర్యలు తీసుకుంటాం. మా ఉత్పత్తులు నూటికి నూరు శాతం స్వచ్ఛం."

అయిదు వాక్యాలున్నాయి, చదివేవాడి చేతికి వచ్చిన వాస్తవం ఒక్కటీ లేదు. మొదటి వాక్యం పుకారునే ముందు పెట్టింది. వీడియో చూడనివాడికి కూడా "ఈ కారంలో కెమికల్ రంగు" అన్న మాట చేరవేసింది. రెండోది ఏ బ్రాండు కిందైనా అతుక్కుంటుంది. కుట్ర సంగతి రుజువు లేని ఆరోపణ. కంపెనీ ఖండిస్తున్నది కూడా సరిగ్గా అలాంటి ఆరోపణనే కదా. చట్టపరమైన చర్య అవసరమైతే తీసుకోవచ్చు కానీ దానికి చోటు ఇది కాదు. వీడియోను ఫార్వార్డ్ చేసినవాళ్ళలో ఎక్కువమంది సొంత కస్టమర్లే. పిన్నిగారు భయపడి కోడలికి పంపింది, అంతే. ఆమెను కోర్టు పేరుతో బెదిరిస్తే మారు ప్యాకెట్ కొనదు.

చివరి వాక్యం అన్నింటికన్నా ప్రమాదకరమైనది. మిరప కారంలో బరువులో 2 శాతం దాకా వంట నూనె కలపడానికి మన ఆహార ప్రమాణాలు అనుమతిస్తాయి, కాకపోతే ఏ నూనె ఎంత కలిపారో లేబుల్ మీద చెప్పాలి. ఈ మిల్లు కారానికి మెరుపు కోసం కొంచెం నూనె కలిపి, లేబుల్ మీద ఆ మాట వేసి ఉంటే, "నూటికి నూరు శాతం స్వచ్ఛం" అన్న క్యాప్షన్‌ను సొంత ప్యాకెట్టే ఖండిస్తుంది. తప్పేమీ చేయని కంపెనీ అతిశయోక్తి వల్ల దొరికిపోయే సందర్భాల్లో ఇదొకటి. క్యాప్షన్ రాసే ముందు చేతిలో ప్యాకెట్ పెట్టుకుని వెనకవైపు చిన్న అక్షరాలన్నీ చదవాలనేది అందుకే.

## పుకారును మళ్ళీ చెప్పాలా, వద్దా?

దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి, రెంటికీ ఆధారాలున్నాయి.

వద్దనేవారు ఎత్తిచూపేది పునరుక్తి ప్రభావాన్ని. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో అనే పరిశోధకులు కొన్ని వాక్యాలను వారాల ఎడంతో మళ్ళీ మళ్ళీ వినిపించి చూశారు. పదేపదే విన్నవి, అవి నిజమైనా కాకపోయినా, జనానికి మరింత నిజమనిపించాయి. 1981లో మెక్‌డొనాల్డ్స్ మాంసంలో పురుగులున్నాయన్న పుకారు మీద టైబౌట్, కాల్డర్, స్టర్న్‌తాల్ చేసిన ప్రయోగం కూడా ఇటువైపే మొగ్గింది. ఊరికే ఖండించడం పెద్దగా పని చేయలేదు. బ్రాండు గురించి వేరే సంగతుల మీదికి ఆలోచన మళ్ళించడం మేలు చేసింది.

చెప్పాలనేవారి వాదన వేరు. ఏ పుకారుకు జవాబో చెప్పకపోతే, వీడియో చూసి భయపడినవాడు ఈ క్యాప్షన్‌ను దానితో కలుపుకోలేడు. సవరణ చెబితే జనం తప్పు నమ్మకాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారన్న సందేహం 2010 ప్రాంతంలో బలంగా ఉండేది. ఆ తర్వాత పెద్ద ఎత్తున చేసిన అధ్యయనాల్లో అలా ఎదురు తిరగడం చాలా అరుదని తేలింది. స్పష్టమైన సవరణ చాలామందిలో నమ్మకాన్ని ఎంతోకొంత సరిచేస్తుంది.

ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అనుసరిస్తున్నది మధ్యేమార్గం: ముందు వాస్తవం, తర్వాత పుకారు ఒక్కసారి మాత్రమే, అది ఎందుకు తప్పో కారణం, మళ్ళీ వాస్తవం. ఇందులో అసలు బరువంతా కారణం మీద ఉంది. "రంగు లేదు" అంటే చదివేవాడి తలలో ఖాళీ మిగులుతుంది: మరి నూనె ఎందుకు ఎర్రబడింది? ఆ ఖాళీని కంపెనీ నింపకపోతే వీడియోలోని గొంతు నింపుతుంది. 1981 నాటి ప్రయోగంలో ఒట్టి ఖండన తేలిపోయిందంటే ఆశ్చర్యం లేదనిపిస్తుంది. చూసినదానికి కారణం చెప్పే జవాబు వేరే జాతి.

అసలు మౌనంగా ఉండటమే మంచిదన్న మూడో మాటా వినిపిస్తుంది. కొన్నిసార్లు అదే సరి. వీడియో రెండు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మాత్రమే తిరుగుతుంటే ఆ గ్రూపుల్లోనే జవాబు పెట్టాలి. కంపెనీ పేజీలో పెడితే విననివాళ్ళందరికీ వినిపించినట్టవుతుంది. ఎంత దూరం పాకిందో తెలుసుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. వాట్సాప్‌లో ఆ వీడియో మీద "చాలాసార్లు ఫార్వార్డ్ చేయబడింది" అన్న అర్థం వచ్చే రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని లెక్క. డీలర్లు తమంతట తామే అడుగుతుంటే, షాపుల నుంచి ప్యాకెట్లు వెనక్కి వస్తుంటే మౌనానికి సమయం దాటిపోయింది.

## రిపోర్టు రాకముందు ఏం రాయగలం

నిజం తేలాలంటే ల్యాబ్ కావాలి. సూడాన్ రంగుల పరీక్షకు క్రొమటోగ్రఫీ యంత్రాలు వాడతారు. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది, పుకారుకు ఒక పూట చాలు. ఈ ఎడంలోనే తప్పులు జరుగుతాయి. ఇంకా తెలియనిదాన్ని తెలిసినట్టు రాసే ప్రలోభం అప్పుడే ఎక్కువ. మిల్లు యజమానికి తన సరుకు మీద నమ్మకం ఉండొచ్చు, కానీ యార్డులో కొన్న బస్తాలో బయటివాడెవడో ఏం కలిపాడో అతనికీ చూపుతో తెలియదు.

తెలిసింది మాత్రమే రాస్తే మొదటి రోజు క్యాప్షన్ ఇలా ఉంటుంది:

"మిరపకాయ ఎరుపు నూనెలో కరుగుతుంది, ఆవకాయ నూనె ఎర్రబడేది అందుకే. మా కారం వేస్తే నూనె ఎర్రబడిందని, కాబట్టి రంగు కలిపామని ఒక వీడియో తిరుగుతోంది. రంగు కలిపారో లేదో ఆ పరీక్షతో తేలదు, ల్యాబ్‌లోనే తేలుతుంది. వీడియోలో కనిపిస్తున్న 0412 బ్యాచ్ ప్యాకెట్లను ఏప్రిల్ 14న పరీక్షకు పంపాం. రిపోర్టు ఏం వచ్చినా ఇక్కడే పెడతాం."

ఇందులో "అబద్ధం" అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. మొదటి వాక్యం ఎవరూ కాదనలేనిది. చదివేవాడి వంటింట్లోనే దానికి సాక్ష్యం ఉంది. పుకారు ఒక్కసారే, రెండో వాక్యంలో వచ్చింది. మూడోది బ్రాండును పొగడలేదు, పరీక్షకున్న పరిమితి చెప్పింది. నాలుగోది తేదీ, బ్యాచ్ నంబర్ ఇచ్చింది, అయిదోది మాట ఇచ్చింది. "ఏం వచ్చినా" అన్న రెండు పదాలకు యజమాని ఒప్పుకోకపోతే ఆ వాక్యం రాయకూడదు. రిపోర్టు తేడాగా వస్తే అప్పుడు పని క్యాప్షన్‌ది కానే కాదు. 2006 ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ ప్రకారం సరుకు వెనక్కి తీసుకోవడం కంపెనీ బాధ్యత అవుతుంది.

నమూనా ఎక్కడిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మిల్లులు ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్యాకెట్లు దాచి ఉంచుతాయి. వాటినే పంపితే "మీ దగ్గర మంచివి పెట్టుకుని పంపారు" అంటారు, ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు. అదే బ్యాచ్ ప్యాకెట్‌ను ఏదైనా షాపులో బిల్లు తీసుకుని కొని, దాన్నీ పంపి, రెండూ పంపామని చెబితే ఆ నోరు మూతపడుతుంది. ఆ మాటకొస్తే, కొన్న ఆహారాన్ని ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు అదే చట్టం 40వ సెక్షన్ కింద కొనుగోలుదారుకూ ఉంది.

## రిపోర్టు వచ్చాక మాటల తూకం

ల్యాబ్ కాగితం మీద సూడాన్ 1 నుంచి 4 దాకా ఒక్కో పేరు ఎదురుగా "కనుగొనబడలేదు" అన్న అర్థం వచ్చే మాట, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ యంత్రం నమ్మకంగా పట్టుకోగలిగే కనిష్ఠ పరిమాణం ఆ అంకె. దానికన్నా ఎక్కువ లేదని మాత్రమే రిపోర్టు చెబుతోంది. దాన్ని "సున్నా శాతం" అని తిప్పి రాస్తే కాగితం చెప్పనిది చెప్పినట్టవుతుంది. ఫలితం పరీక్షించిన నమూనాకే వర్తిస్తుందని కూడా సాధారణంగా అదే కాగితం అడుగున రాసి ఉంటుంది. కొన్ని ల్యాబులు తమ రిపోర్టును అనుమతి లేకుండా ప్రచారానికి వాడొద్దనీ షరతు పెడతాయి. కాబట్టి ఫోటో పెట్టే ముందు ల్యాబ్‌ను అడిగి రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి.

రెండో క్యాప్షన్ ఇలా:

"0412 బ్యాచ్ కారంలో సూడాన్ రంగులు కనిపించలేదని ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ ఏప్రిల్ 22న రిపోర్టు ఇచ్చింది. షాపులో కొన్నది ఒకటి, మా దగ్గర దాచినది ఒకటి, రెండు ప్యాకెట్లు పంపాం. నూనెను ఎర్రగా చేసింది మిరపకాయలోని సహజ రంగే. పూర్తి రిపోర్టు రెండో బొమ్మలో ఉంది."

ఈసారి పుకారు ప్రస్తావనే లేదు, దాని అవసరం తీరింది. బ్యాచ్ నంబర్ లేకుండా "మా కారంలో" అని ఉంటే వినడానికి ఇంకా బాగుండేదని మార్కెటింగ్‌వాళ్ళు అంటారు. బాగుండేదే, కానీ రిపోర్టు అంత దూరం రాదు. అలాగే ప్యాకెట్ మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్‌ను ఇక్కడ రుజువుగా చూపించడం కూడా పొరపాటు. కంపెనీకి వ్యాపారం చేసే అనుమతి ఉందనే అది చెబుతుంది, ఈ ప్యాకెట్‌ను ఎవరో పరీక్షించారని కాదు.

## తెరమీద తెలుగు ఎంత పడుతుంది

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటుంది. కానీ "more" నొక్కకుండా కనిపించేది సుమారు 125 అక్షరాలే. యంత్రం లెక్క మన లెక్క కాదు. "ఎర్ర" అన్న మాటలో కంటికి కనిపించేవి రెండు అక్షరాలు. యంత్రానికి ఎ, ర, పొల్లు, మళ్ళీ ర కలిపి నాలుగు. గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. దాంతో 125లో పట్టేవి ఇంచుమించు పదిహేను తెలుగు మాటలు. పైన మొదటి క్యాప్షన్‌లోని తొలి వాక్యం యంత్రం లెక్కలో 61 మాత్రమే. పుకారు వాక్యం మధ్యలో తెగిపోయినా, కారణం తెర మీద మిగులుతుంది. "మా కారంలో కెమికల్ రంగు ఉందంటూ" అని మొదలుపెట్టిన క్యాప్షన్‌ను హడావుడిగా చూసేవాడికి మిగిలేది ఆ ముక్కే.

వాట్సాప్‌లో ఇబ్బంది ఇంకో రకం. బొమ్మను ముందుకు పంపేవాడు కింది మాటలు తీసేసి పంపొచ్చు. అందుకే మొదటి వాక్యం, బ్యాచ్ నంబర్, తేదీ బొమ్మలోనే ఉండాలి. పుకారు వీడియోలోని ఫోటో మీద ఎర్రగా అడ్డగీత కొట్టి పెట్టడం చాలామంది చేసే పని. గీత ఉన్న భాగాన్ని కత్తిరిస్తే మిగిలేది పుకారే, అదీ ఈసారి కంపెనీ సొంత పోస్టు నుంచి. బొమ్మగా ఎర్రటి నూనె తేలుతున్న ఆవకాయ జాడీ సరిపోతుంది. మొదటి వాక్యం చెప్పే సంగతినే అదీ చెబుతుంది.

## పోస్టు పెట్టాక కామెంట్లలో

మంచి ప్రశ్నలు వచ్చేది ఇక్కడే. "మా ఇంట్లో ఉన్నది 0388 బ్యాచ్, దాని సంగతేంటి?" అని ఒకరు అడుగుతారు. "అదీ మంచిదేనండీ" అని రాయడం సులభం, కానీ ఆ బ్యాచ్‌ను పరీక్షించలేదు. "ఆ బ్యాచ్‌ను ఇంకా పరీక్షకు పంపలేదండీ, దాచిన ప్యాకెట్ ఉంది, రేపు పంపి ఫలితం ఇక్కడే చెబుతాం" అనాలి. అలా చెప్పడానికి మిల్లులో దాచిన ప్యాకెట్ నిజంగా ఉండాలి, పరీక్ష ఖర్చుకు యజమాని ఒప్పుకోవాలి. "కుర్‌కురేలో ప్లాస్టిక్ అన్నట్టే ఇదీనా?" అని ఇంకొకరు అడగొచ్చు. ఆ పోలిక కొంతవరకే సరి. అక్కడా కాల్చితే మండింది కాబట్టి ప్లాస్టిక్ అన్నారు, పిండి, నూనె ఉన్న ఏ చిరుతిండైనా మండుతుంది. ఆ కంపెనీ 2018లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి అలాంటి పోస్టులు తీసేయించే ఆదేశం తెచ్చుకుంది. గుంటూరు మిల్లుకు ఆ స్థోమత ఉండదు. పైగా, తీసేయించిన పోస్టు నూనె ఎందుకు ఎర్రబడిందో ఎవరికీ చెప్పదు.

క్యాప్షన్‌లో తేదీయో నంబరో తప్పు పడితే చడీచప్పుడు లేకుండా మార్చకూడదు. పాతదాని స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరో ఉంటుంది. "ఏప్రిల్ 23, ఉదయం 10: బ్యాచ్ నంబర్ సరిచేశాం" అని చివర ఒక ముక్క కలిపితే సరిపోతుంది. అదే వీడియో వేరే ప్యాకెట్‌తో కొన్ని నెలల తర్వాత మళ్ళీ వస్తే, ఏప్రిల్ నాటి రిపోర్టును తీసి దాని ముందు పెట్టకూడదు. మిరపకాయ ఎరుపు నూనెలో కరుగుతుందన్న వాక్యం అప్పటికీ పనికొస్తుంది. మిగతా వాక్యాలకు కొత్త బ్యాచ్, కొత్త తేదీ, కొత్త రిపోర్టు కావాలి.